శనగగింజంత సీసం

అల్లుడికి పని నేర్పడమంత కష్టమైన పని లోకంలో లేదని ఆ కంసాలి ఎవరితోనూ అనలేదు. అనలేడు కూడా, ఎదురుగా పీట మీద కూర్చున్నవాడే అల్లుడాయె. మామూలు శిష్యుడైతే నెత్తిన ఒకటి మొట్టవచ్చు, చెవి మెలిపెట్టవచ్చు, నాలుగు చీవాట్లు పెట్టి గది ఊడ్చమనవచ్చు. అల్లుడితో ఇవేవీ కుదరవు. అల్లుడు తీగను తెంపితే "పర్వాలేదులెండి అల్లుడుగారూ, తీగన్నాక తెగుతుంది" అనాలి. మూసలో కరుగుతున్న బంగారం కుంపట్లో ఒలకబోస్తే "తమరికి చెయ్యి కాలలేదు కదా?" అని కంగారు పడాలి. ఆ పైన లోపల ఉడుకుతున్నదాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి.

మామగారు సుత్తి మీద దింపుకునేవారు.

"ఒరే దద్దమ్మా! కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు? నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండదా?" అని సుత్తిని చేతిలోకి తీసుకుని మరీ దులిపేసేవారు. సుత్తి కిమ్మనకుండా పడేది. దానికి అలవాటైపోయింది. పక్కనే అల్లుడు తల వంచుకుని ఆకురాయిని తుడుస్తూ ఉండేవాడు. ఆ తిట్లు ఏ చిరునామాకి బయలుదేరి ఏ ఇంట్లో దిగుతున్నాయో అతనికి తెలియక కాదు. కానీ మర్యాద మర్యాదే. మామగారు సుత్తిని తిట్టారు, అల్లుడు సుత్తి తరఫున బాధపడ్డాడు, లెక్క సరిపోయింది.

అల్లుడు ఈ పనిలోకి పుట్టి పెరిగినవాడేం కాదు. ముప్పై దాటాక వచ్చాడు. అంతకు ముందు ఫోటోలకి ఫ్రేములు కట్టే కొట్టు పెట్టాడు. ఊళ్ళోవాళ్ళంతా ఫోటోలు ఫోనుల్లోనే చూసుకుంటున్న సంగతి కొట్టు తెరిచాక తెలిసింది. తరువాత పళ్ళరసాల బండి పెట్టాడు, సరిగ్గా చలికాలం మొదట్లో. ఆ తరువాత ఇంకేం పెడతాడోనని ఇంటిల్లిపాదీ భయపడుతుండగా పెళ్ళామే ఓ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి తీర్పు చెప్పేసింది.

"ఇంట్లోనే దుకాణం ఉంది, మా నాన్నకి కొడుకుల్లేరు. ఏం పెట్టొద్దు, ఊరికే కూర్చుని నేర్చుకో."

ఊరికే కూర్చోవడం వరకూ అతనికి బాగానే వచ్చింది. నేర్చుకోవడం దగ్గరే చిక్కొచ్చింది.

దుకాణమంటే ఇంటి ముందు గది. వీధివైపు ఒక కిటికీ, దాని కింద సుత్తి దెబ్బలు కాసే ఇనప దాగలి, పక్కన కుంపటి, గోడకి వేలాడే పట్టకార్లు. నేల మీద చెక్క జల్లెడ పలక పరిచి ఉండేది, రాలిన లోహపు రజను చెప్పులకి అంటుకుని వీధిలోకి పోకుండా. సాయంత్రం ఆ పలక ఎత్తి కింద దుమ్మంతా కుంచెతో పోగుచేసి డబ్బాలో వేయాలి. ఆ దుమ్ములో బంగారం ఉంటుంది. చీపురు పట్టడం కూడా ఒక విద్యేనని అల్లుడికి అప్పుడే తెలిసింది. తెలిసి ఏమంత సంతోషించలేదు.

అసలు పాఠం మాత్రం పొద్దున్నే జరిగేది. మామగారు నల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో ఏదో ఒక వస్తువు పెట్టి, ఎంతో వినయంగా అడిగేవారు.

"ఎంతంటారు అల్లుడుగారూ?"

చేత్తో ముట్టుకోకూడదు. ముందు కన్నే చెప్పాలి. తరువాత అరచేతిలోకి తీసుకుని చెయ్యి చెప్పాలి. చివరికి త్రాసు చెబుతుంది. ఈ వరస తప్పడానికి వీల్లేదు. మొదటి రోజుల్లో అల్లుడు పొగరుగా, "చివరికి త్రాసెలాగూ చెబుతుందిగా మామయ్యగారూ, మధ్యలో మన కన్నెందుకు?" అని అడిగాడు. మామగారు నవ్వి, సుత్తిని చూపించి, "వీడి తెలివి చూశారా!" అన్నారు. సుత్తి సిగ్గుపడిందో లేదో గానీ అల్లుడి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

కంటితో తూయడమంటే ఏదో దివ్యదృష్టి అనుకున్నాడు అతను. తీరా చూస్తే అది కొలతల వ్యవహారం. మిల్లీమీటరు మందం తీగ, మామూలుగా నగలు చేసే ఇరవైరెండు క్యారెట్ల బంగారంది, జానెడు పొడవుంటే మూడు గ్రాములు పైచిలుకు తూగుతుంది. ఇది కంఠస్థం చేయాలి. అక్కణ్ణించి మిగతావన్నీ లాక్కోవాలి. రెండో రోజు మామగారు రెండు మిల్లీమీటర్ల తీగ జానెడు పెట్టారు. అల్లుడు క్షణం కూడా ఆలోచించకుండా "ఆరు" అన్నాడు. మందం రెండింతలైతే బరువూ రెండింతలే కదా, ఇంత చిన్న లెక్కకి ఆలోచించడమెందుకని అతని ధీమా. త్రాసులో వేస్తే పన్నెండు దాటింది.

"తీగ పైకి మాత్రమే లావైందంటారా, పక్కకి అవలేదంటారా?" అని అడిగారు మామగారు, ఎంతో మెత్తగా. రెండు వైపులా పెరిగితే బరువు నాలుగింతలవుతుందని ఆ రోజంతా సుత్తికి వివరంగా చెప్పారు.

ఇంకో రోజు అచ్చంగా ఒకేలా కనిపించే రెండు ఉంగరాలు పెట్టారు. రెంటికీ అదే మెరుపు, అదే మందం. అల్లుడు రెంటికీ ఒకే బరువు చెప్పాడు. ఒకటి బంగారం, రెండోది మెరుగు పెట్టిన ఇత్తడి, అది సగం కూడా తూగలేదు. అరచేతిలోకి తీసుకుంటే చిన్నపిల్లాడికైనా తెలిసేది. ఇత్తడి వేళ్ళ మీద కూర్చుంటుంది, బంగారం వేళ్ళని కిందికి లాగుతుంది. ఆ తరువాత లోపల లక్క నింపిన గాజు వచ్చింది, లోపలంతా బోలుగా ఉన్న పూస వచ్చింది. లావుగా కనిపించేదల్లా బరువు కాదు, కళ్ళెదుట ఉన్న లావులో ఎంత లోహముందో చూడాలి. అంచు దగ్గర మందం చూడాలి, అతుకు దగ్గర చూడాలి, నేల మీద చిన్నగా తట్టి మోత వినాలి. నెలలు గడిచేకొద్దీ అతని తప్పు సగానికి సగం తగ్గుతూ వచ్చింది. ఇరవై గ్రాముల వస్తువు మీద అరగ్రాము అటూ ఇటూ చెప్పగలిగిన రోజున ఇంట్లో అందరి దగ్గరా ఆ మాట చెప్పుకు తిరిగాడు. పెళ్ళాం బియ్యం ఏరుతూ, "అయితే ఈ చేటలో ఎంతున్నాయి?" అంది. అతనికి ఆ ప్రశ్న నచ్చలేదు.

త్రాసు దగ్గర మర్యాదలు వేరు. అది గాజు పెట్టెలో నిలువు కాడకి ఉన్న కొక్కేనికి వేలాడేది. అడ్డంగా ఉక్కు దండె, దాని నడుమ కత్తి అంచు, మధ్యలో ముల్లు, రెండు కొనలకీ పట్టుదారాలతో చిన్న ఇత్తడి పళ్ళేలు. తూచే ముందు ఫ్యాను ఆపాలి. పళ్ళేలు మెత్తని కుంచెతో తుడవాలి. తూనికరాళ్ళు వేళ్ళతో ముట్టుకోకూడదు, చెమటా జిడ్డూ అంటి రాయి బరువెక్కుతుంది, చిన్న పట్టకారుతోనే తీయాలి. ఊపిరి బిగపట్టాలి. ముల్లు ఆగేదాకా కూర్చోనక్కర్లేదు, గీతకి అటూ ఇటూ సమానంగా ఊగితే చాలు. వేడి బంగారం మాత్రం చచ్చినా వేయకూడదు. దాని చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తూ పళ్ళేన్ని కూడా లేపుతుంది, బంగారం తక్కువైనట్టు అబద్ధం చెబుతుంది. 

ఎలక్ట్రానిక్ కాటా కొనుక్కోవచ్చుగా అని అల్లుడు ఒకటి రెండుసార్లు సలహా ఇచ్చాడు. మామగారు, "అదెప్పుడు తప్పు చెబుతోందో అడిగితే చెబుతుందంటారా?" అన్నారు. ఆ సందర్భంలోనే ఇంకో మాట కూడా చెప్పారు.

"త్రాసు మీద అనుమానమొస్తే సరుకూ రాళ్ళూ అటుదిటు మార్చి తూయాలి అల్లుడుగారూ. ఎడమ పళ్ళెంలో వేసినా కుడి పళ్ళెంలో వేసినా ఒకే మాట చెబితేనే అది నిజం చెబుతున్నట్టు."

సరిగ్గా ఆ సమయంలో అల్లుడు ఆవులించాడు.

ఇలా ఉండగా మామగారి కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయించారు. ఒక కంటి మీద ఆకుపచ్చ గుడ్డ, రెండో కంటికి మొదట్నుంచీ మసకే. మంటా పొగా తగలకూడదన్నాడు డాక్టరు. ఆసుపత్రి నుంచి వచ్చి పడక్కుర్చీలో వాలాక కూతుర్ని పిలిచి, అల్లుడు వినేలా అన్నారు.

"వచ్చే నెల నుంచి త్రాసు అల్లుడుగారు పడతారమ్మా."

కంసాలి ఇంట్లో త్రాసు పట్టడమంటే మాటలు కాదు. సుత్తి ఎవరైనా కొడతారు, ఊదుగొట్టం ఎవరైనా ఊదుతారు. తూచి చెప్పేవాడి మాట మీదే దుకాణం నిలుస్తుంది. పెట్టిన రెండు వ్యాపారాలూ మూతబడినవాణ్ణి నమ్మి ఒక పెద్దమనిషి తన పేరు చేతికిస్తున్నాడు. అల్లుడు సుత్తి తీసుకుని తుడిచాడు.

ఆ వారం చేతిలో ఉన్న పని బేకరీ ఆవిడది. ఆవిడ పాత గొలుసు తెచ్చి రెండు గాజులు చేయమంది. రోజూ పిండీ పంచదారా తూచే మనిషి, తూనికంటే ఆవిడకి ఎవరి మీదా నమ్మకం లేదు, తన మీద తప్ప. గాజులు పోతపోసి వంచడం మామగారు ఆపరేషన్‌కి ముందే చేశారు. అంచులకి ఆకురాయి పట్టడం అల్లుడి వంతు. పట్టాడు. ఒక గాజు లోపలివైపు ఆకురాయి జారి చిన్న గాటు పడింది. గోటితో రాస్తే తగిలేంత గాటు. లోపలేగా, మెరుగులో పోతుందిలే అని తనకి తాను అభయమిచ్చుకున్నాడు. తరువాత, మామగారు పడక్కుర్చీలోంచి వింటుండగా, ఆవిడ ఎదురుగానే తూచాడు. నలభై గ్రాముల రెండు వందల మిల్లీగ్రాములు. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని ముల్లు వైపు చూసి, తల ఊపి వెళ్ళింది. గాజులు మెరుగుకి వెళ్ళాయి.

మెరుగు పెట్టేది పిన్ని. నిజానికి ఎవరికీ పిన్ని కాదు, వెనక సందులో ఒంటి గదిలో ఉండే ముసలావిడ. అల్లుడి పెళ్ళాం పుట్టకముందు నుంచీ ఈ దుకాణం నగలన్నీ ఆవిడ చేతి మీదుగానే మెరుగు పట్టాయి. కుంచె, సబ్బునీళ్ళు, సుద్దపొడి, చివర్లో నున్నటి రాయితో రుద్దడం, అంతే ఆవిడ పని. రాయి రుద్దితే బంగారం అణిగి మెరుస్తుంది గానీ ఊడిరాదు. ఆవిడ చేతికి ఎంత బంగారం వెళ్ళిందో అంతే తిరిగొచ్చేది, ఆ ఇంట్లో అది సూర్యోదయమంత మామూలు సంగతి.

గాజులు పిన్ని దగ్గరున్న ఆ మధ్యాహ్నమే అల్లుడికి ఫోటో దిగాలన్న కోరిక పుట్టింది. ఫోటో ఫ్రేముల పూర్వజన్మ వాసన కాబోలు. మామగారు నిద్రపోతున్నారు. గాజు పెట్టె తెరిచి, త్రాసుని కొక్కెం నుంచి తప్పించి, ఎడమచేత్తో ఎత్తి పట్టుకున్నాడు. కుడిచేతిలో ఫోను. గడ్డం కాస్త పైకి, చూపు కాస్త దూరంగా, న్యాయానికి నిలువెత్తు రూపంలా. అంతలో పట్టుదారం చొక్కా గుండీకి చిక్కుకుంది. గుండీ విడిపించబోయాడు. త్రాసు జల్లెడ పలక అవతల నాపరాయి నేల మీద పడింది. ఫోటో మాత్రం చక్కగా వచ్చింది. అందులో పడుతున్న త్రాసూ, తెరిచిన నోరూ స్పష్టంగా ఉన్నాయి.

ఎత్తి చూస్తే ముల్లు బాగానే ఉంది, పళ్ళేలు బాగానే ఉన్నాయి. దండె ఎడమ కొన మాత్రం లోపలికి ముడుచుకుంది. పట్టకారుతో వంచాడు. సరిగ్గా వచ్చిందనుకున్నాడు. వేలాడదీస్తే ఎడమ పళ్ళెం గాల్లోకి లేచింది. ఇంకో రెండుసార్లు వంచినా అంతే. లోపల మామగారు దగ్గారు.

అప్పుడు అతని తెలివి పనిచేసింది. ఆ తెలివి పనిచేసినప్పుడల్లా ఆ ఇంటికి ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. శనగగింజంత సీసం ముక్క తీసుకుని, చిటికెడు మైనంతో ఎడమ పళ్ళెం అడుగున అంటించాడు. ముల్లు వయ్యారంగా ఊగి గీత దగ్గరికొచ్చి నిలిచింది. సమానం! చంకలు గుద్దుకున్నాడు. ఖాళీ పళ్ళేలు సమానంగా నిలిస్తే త్రాసు బాగైపోయినట్టే అని అతని నమ్మకం. ఎవరికీ చెప్పక్కర్లేదు, చెప్పాల్సినంత విషయమే లేదు. ఫోటో ఒకటి తుడిచేస్తే చాలు. తుడిచేశాడు.

మర్నాడు పిన్ని గాజులు తెచ్చింది. గాజులు తీసుకోవడానికి బేకరీ ఆవిడ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉంది. మామగారు పడక్కుర్చీలో, అల్లుడి పెళ్ళాం గుమ్మంలో. అల్లుడు ఫ్యాను ఆపాడు, పళ్ళేలు తుడిచాడు, గాజులు ఎడమ పళ్ళెంలో పెట్టాడు, కుడివైపు నలభై గ్రాముల రాళ్ళు వేశాడు.

కుడి పళ్ళెం దబ్బున కిందికి పోయింది.

రాళ్ళు తీశాడు, చిన్నవి వేశాడు, ఇంకా తీశాడు. చివరికి ముల్లు ఊగిసలాడి చెప్పిన మాట ముప్పై ఎనిమిది గ్రాముల రెండు వందల మిల్లీగ్రాములు. మళ్ళీ తూచాడు. అదే మాట.

"ఎంతొచ్చింది?" అంది బేకరీ ఆవిడ.

చెప్పాడు.

"రెండు గ్రాములా!" ఆవిడ గొంతు పెద్దదైంది. "నిన్నగాక మొన్న నా కళ్ళతో చూశాను, నలభై పైన ఉంది. మధ్యలో ఎవరి చేతికెళ్ళిందో నాకు తెలీదు. మీకు తెలుసు."

ఆవిడ ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది, చూపు నేరుగా పిన్ని మీద వాలింది. పిన్ని చేతిసంచి బోర్లించి బెంచీ మీద దులిపింది. కుంచె, సుద్ద మూట, మెరుగురాయి, ఒక తాళంచెవి పడ్డాయి. తరువాత కొంగు విప్పి దులిపింది. ఆ వయసులో, అందరి ముందు, నిదానంగా దులిపింది.

"ఇంకేం దులపమంటావు?" అని అల్లుణ్ణి అడిగింది.

త్రాసు సంగతి అప్పుడే అతని మనసులో మెదిలింది. మెదలగానే నొక్కేశాడు. ముల్లు ఖాళీగా సమానంగా నిలిచింది కదా, ఇవాళ పొద్దున కూడా నిలిచింది కదా! అదీగాక నోరు విప్పితే వచ్చే నెల త్రాసు పట్టడం అటుంచి, ఈ ఇంట్లో చేట పట్టడానికి కూడా ఎవరూ పిలవరు. ఊరుకుంటే ఏమవుతుంది? పిన్నికేగా చెడ్డపేరు, పెద్దవిడ, చేయి జారి ఉండవచ్చని నాలుగు రోజులు అనుకుని మర్చిపోతారు. మనిషి పిరికివాడైనప్పుడు బుర్ర ఎంత చురుగ్గా పనిచేస్తుందో చెప్పలేం. ఫ్రేముల కొట్టు పెట్టినప్పుడు ఈ చురుకు కొంచెం ఉన్నా బాగుపడేవాడు.

"అల్లుడుగారూ," అన్నారు మామగారు పడక్కుర్చీలోంచి. "త్రాసు చెప్పింది విన్నాను. మీ కన్ను ఏమంటోంది?"

నల్లగుడ్డ మీద గాజులు పెట్టి అల్లుడు వంగి చూశాడు. చూడక తప్పలేదు. రెండు గ్రాముల బంగారమంటే శనగగింజంత ముద్ద. రెండు గాజుల నుంచి అంత పోవాలంటే ఎక్కడో గీకాలి. గీకితే అంచు పదును పోవాలి, చెక్కిన గీతలు చెరిగిపోవాలి. అంచులు వేలికి అంతే పదునుగా తగులుతున్నాయి. గీతల లోతు అంతే ఉంది. గాజు తిప్పి లోపల చూశాడు. తన ఆకురాయి చేసిన గాటు, తన చేతి చలవ, మెరుగుతో ఇంకాస్త ముద్దుగా మెరుస్తూ అక్కడే ఉంది. గోటికి తగిలింది. ఆ గాటు పోయేంత కూడా రుద్దని మనిషి రెండు గ్రాములు ఎలా గీకుతుంది? అరచేతిలోకి తీసుకున్నాడు. మొన్న లాగినట్టే వేళ్ళని కిందికి లాగాయి. చెయ్యి ఒక గ్రాము తేడా పట్టలేకపోవచ్చు, కానీ కన్ను చూసినదాన్ని చెయ్యి కాదనలేదు.

ఇన్నాళ్ళలో మొట్టమొదటిసారి అతని కన్ను అనుమానం లేకుండా ఒక మాట చెప్పింది. ఆ కన్నుని నమ్మమని ఎవరినైనా అడగాలంటే త్రాసుని తనే పాడుచేశానని ఒప్పుకోవాలి. గొప్పగా చెప్పుకోవలసిన రోజు ఎంత చక్కగా వచ్చింది!

"నలభై," అన్నాడు. "నలభై పైన కొంచెం. ఏం పోలేదు మామయ్యగారూ."

"త్రాసు ముప్పై ఎనిమిదంటోంది. మీ కన్ను నలభై అంటోంది. ఇద్దర్లో అబద్ధమాడేది ఎవరంటారు?"

పిన్ని సంచిలో తన సామాన్లు తిరిగి వేసుకుంటోంది. తాళంచెవి వేళ్ళలోంచి జారి కిందపడింది. వంగి తీసుకోవడానికి ఆవిడ బెంచీ పట్టుకోవలసి వచ్చింది. అది చూశాక అల్లుడికి సిగ్గేసింది. భయం కన్నా సిగ్గు ఎక్కువైంది.

ఆవులిస్తూ విన్న పాఠం గుర్తొచ్చి రాళ్ళన్నీ దింపాడు. గాజులు కుడి పళ్ళెంలో పెట్టాడు. రాళ్ళు ఎడమ పళ్ళెంలో వేయడం మొదలుపెట్టాడు. ముప్పై ఎనిమిది చాల్లేదు. నలభై చాల్లేదు. నలభై రెండు దాటి ఇంకో మూడు వందల మిల్లీగ్రాములు వేశాక ముల్లు గీత దగ్గర ఊగింది.

బేకరీ ఆవిడ బెంచీ మీంచి లేచి నిలబడింది. "ఇదేంటి, ఇప్పుడు పెరిగిందేం?"

"పెరగలేదండీ. గాజులు నలభై గ్రాముల రెండు వందల మిల్లీగ్రాములే. మొన్న మీరు చూసిందే నిజం." ఎవరి మొహమూ చూడకుండా చెప్పుకుపోయాడు. "త్రాసు దండె ఎడమవైపు పొట్టిదైంది. పొట్టి చెయ్యి మీద ఎంత బరువు పెట్టినా తక్కువ చూపిస్తుంది, పొడుగు చెయ్యి మీద ఎక్కువ చూపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు తెలీదు, సీసం పెట్టాను కాబట్టి. బరువు పడేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. నేనే కిందపడేశాను. నిన్న మధ్యాహ్నం. పిన్ని తప్పేం లేదు."

"ఎందుకు తీశావసలు దాన్ని పెట్టెలోంచి?" అంది గుమ్మంలోంచి పెళ్ళాం.

"ఫోటో కోసం," అన్నాడు అల్లుడు.

మామగారు పడక్కుర్చీలోంచి మెల్లగా లేచారు. గోడ తడుముకుంటూ త్రాసు దగ్గరికొచ్చారు. ఎడమ పళ్ళెం అడుగున వేళ్ళు పెట్టి తడిమి, మైనం గోకి, సీసం ముక్క ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఎడమ పళ్ళెం గాల్లోకి లేచింది. దండె పొడవునా బొటనవేలు రాసి, కొన దగ్గర ఆపారు.

అందరికీ తెలుసు తరువాతేం జరుగుతుందో. ఆయన చెయ్యి అలవాటుగా దాగలి మీదికి పోయింది. సుత్తి అందుకున్నారు. అల్లుడు సుత్తి తరఫున బాధపడడానికి సిద్ధంగా తల వంచుకున్నాడు. మామగారు సుత్తిని ఒక్క క్షణం పట్టుకుని, దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశారు.

"ఒరేయ్!" అన్నారు.

అల్లుడు అటూ ఇటూ చూశాడు. గదిలో ఇంకో మగమనిషి లేడు.

"నిన్నేరా, దద్దమ్మా! కళ్ళు నెత్తికెక్కాయిరా నీకు? త్రాసుతో ఫోటోనా? మా నాన్న చేతి త్రాసురా అది! సీసం అంటిస్తే చేతులు సమానమైపోతాయా? ఖాళీ పళ్ళేలు చూసి మురిసిపోయావా? పిన్ని కొంగు దులుపుతుంటే నోట్లో ఏం పెట్టుకున్నావురా అంతసేపూ? ఆవిడ కాళ్ళు పట్టుకో ముందు!"

పెళ్ళాం నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తండ్రి నోట ఆ మనిషికి 'గారు' లేకుండా పిలుపు రావడం ఆమె విన్లేదు. అల్లుడు పిన్ని కాళ్ళ మీద పడ్డాడు. పిన్ని వెంటనే లేవదీయలేదు. కాసేపు అలాగే ఉండనిచ్చింది.

"లే," అంది చివరికి. "క్షమించానని చెప్పను. ఇంట్లోకెళ్ళి ఏడ్చుకోవాలి నేను. ఆ తరువాత చూస్తాను."

తాళంచెవి సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. బేకరీ ఆవిడ గాజులు చేతికి తొడుక్కుంది. గుమ్మం దాటుతూ ఏమనుకుందో ఏమో, వెనక సందు వైపు తిరిగి పిన్ని వెనకాలే గబగబా నడిచింది.

దండె బాగుచేసేవాడి దగ్గరికి వెళ్ళింది. రెండు చేతులూ ఒక్క పొడవుకి వచ్చేదాకా ఆ గాజు పెట్టె ఖాళీగానే ఉంది. వచ్చే నెల మాట ఎవరూ ఎత్తలేదు. అల్లుడు జల్లెడ పలక ఎత్తి దుమ్ము పోగుచేశాడు, మూసలు తుడిచాడు, సందులోకి వెళ్ళి పిన్నికి కుళాయి నీళ్ళు మోసిపెట్టాడు. పిన్ని నీళ్ళు తీసుకుంది, మాట్లాడలేదు. మామగారు మాత్రం రోజంతా మాట్లాడారు. చీపురు పట్టుకోవడం దగ్గర్నుంచి ఊపిరి పీల్చుకోవడం దాకా దేన్నీ వదలకుండా చీవాట్లు పెట్టారు. సుత్తికి ఏ పనీ లేకుండా పోయింది. అల్లుడికి ఎందుకో ఒళ్ళు తేలికైంది. ఇంట్లో అతిథిగా ఉన్నవాణ్ణి ఎవరో చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్ళినట్టనిపించి, రజను ఊడుస్తూ కళ్ళు తుడుచుకున్నాడు.

త్రాసు తిరిగొచ్చిన పొద్దున పిన్ని కూడా వచ్చి బెంచీ మీద కూర్చుంది, మెరుగుకి ఏముందని అడగలేదు, ఊరికే కూర్చుంది. మామగారి కంటి మీద గుడ్డ తీసేశారు. నల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో ఒక ఉంగరం పెట్టి, అల్లుడి ముందుకి తోశారు.

"ఎంత్రా?"

అల్లుడు వంగి చూశాడు. అంచు చూశాడు, అతుకు చూశాడు, లోపలి వంపు చూశాడు. అరచేతిలోకి తీసుకున్నాడు.

"నాలుగున్నర."

"తూయి," అంది పిన్ని బెంచీ మీంచి. "రెండు వైపులా."